విశాఖలో ఇంజిన్ మారాక బోగీల వరుస ఎందుకు తిరగబడుతుంది?

"విశాఖపట్నంలో రైలు వచ్చిన దారినే వెనక్కి ఎందుకు వెళ్తుంది? ఆ తర్వాత స్టేషన్లలో బోగీలు తలకిందుల వరుసలో ఎందుకు వస్తాయి?"

విశాఖ స్టేషన్ మెయిన్ లైన్ నుంచి పక్కకు చీలి ఉంటుంది. దువ్వాడ నుంచి వచ్చే పట్టాలూ, విజయనగరం వైపు వెళ్లే పట్టాలూ స్టేషన్‌కి ఒకే వైపు నుంచి వచ్చి కలుస్తాయి. అందుకే చెన్నై వైపు నుంచి వచ్చిన రైలు హౌరా వైపు వెళ్లాలంటే వచ్చిన దారినే బయటపడాలి. ముందున్న ఇంజిన్‌ని విప్పేసి, రెండో చివర ఇంకో ఇంజిన్ తగిలిస్తారు. గొట్టాలు కలిపి, బ్రేకులు చివరి బోగీ దాకా పనిచేస్తున్నాయో లేదో చూసి పంపిస్తారు.

ఈ పనంతా జరుగుతున్నప్పుడు బోగీలు అంగుళం కూడా కదలవు. అంటే విశాఖ ప్లాట్‌ఫారం మీద వరుస మారదు, లెక్క మొదలుపెట్టే చివర మారుతుంది. 22 బోగీల రైల్లో ఎస్1 ఇంజిన్ నుంచి మూడోది అనుకోండి. ఇంజిన్ అటు చివరికి వెళ్లాక అదే ఎస్1 ఇరవయ్యోది అవుతుంది. 23లోంచి పాత స్థానం తీసేస్తే కొత్తది వస్తుంది. మధ్యలో ఉన్న పదకొండో బోగీ మాత్రం పన్నెండోది అవుతుంది, అంతే. చివరి బోగీల వాళ్లకే అసలు కష్టం.

ఇది నాకు బాగా తెలిసొచ్చింది అమ్మతో ప్రయాణం చేసిన రోజున. విశాఖ తర్వాత వచ్చే ఒక చిన్న స్టేషన్‌లో, బోర్డు మీద చూపించిన ఇరవయ్యో స్థానం దగ్గర నిలబడ్డాం. ఆ రోజు రైలుని విశాఖలోకి తీసుకురాకుండా దువ్వాడ నుంచి సింహాచలం నార్త్ మీదుగా బైపాస్‌లో పంపించారు. అంటే ఇంజిన్ మారలేదు, వరుసా తిరగబడలేదు. బోర్డులో మాత్రం రోజూ ఉండే వరుసే ఉంది. ఇంజిన్ మమ్మల్ని దాటిన వెంటనే మా ఎస్1 కళ్లముందు నుంచే వెళ్లిపోయింది. బోగీ దాదాపు 24 మీటర్లు, అలాంటివి పదిహేడు. అంటే 400 మీటర్ల పైమాటే! రైలు ఆగేది రెండు నిమిషాలు. అమ్మ మోకాళ్లతో పరుగు అయ్యే పని కాదు. ఎదురుగా ఆగిన రిజర్వుడు బోగీ ఎక్కేసి, రైలు కదిలాక లోపలి నుంచే మెల్లగా నడుచుకుంటూ వెళ్లాం.

అప్పటి నుంచి రైలు దారి మళ్లించారని తెలిస్తే ముందు ఒకటే అడుగుతాను: విశాఖలోకి వెళ్తుందా, లేదా? వెళ్లకపోతే బోర్డుని నమ్మను, ప్లాట్‌ఫారం మధ్యలో నిలబడతాను. రైలు వస్తుంటే మొదటి రెండు మూడు బోగీల మీద నంబర్లు చూస్తాను, వరుస ఎటు నుంచి మొదలైందో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. మామూలు రోజుల్లో ఒక స్టేషన్‌లో ఎస్1 విశాఖ వైపు చివర ఆగితే, అదే రైలు తిరుగు ప్రయాణంలో కూడా అది ఆ చివరే ఆగుతుంది, ఎందుకంటే బోగీలు ఎక్కడా గిరగిరా తిరగవు. బైపాస్‌లో వెళ్లిన రైలు మాత్రం తిరిగొచ్చేటప్పుడు విశాఖలో ఇంజిన్ మార్చుకున్నా, దారంతా వరుస తారుమారుగానే ఉంటుంది. మళ్లించిన మర్నాడో, మూడో రోజో టికెట్ ఉన్నవాళ్లు కూడా చూసుకోవాల్సిందే.