డెడ్‌లైన్ తప్పుతోందని మేనేజర్‌కు మెయిల్ పెడితే అప్రైజల్ పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తను చూస్తున్న ప్రాజెక్టు ఆగస్టు 29కి పూర్తయ్యేలా లేదట. మేనేజర్‌కు ఎస్కలేషన్ మెయిల్ పెడతానంటోంది. అలాంటివి రాసి పెట్టొద్దు, నాలుగు రాత్రులు కూర్చుని కానిచ్చెయ్యి అన్నాను. అప్రైజల్ దెబ్బతింటుందేమోనని టెన్షన్‌గా ఉంది. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కోర్సులైన స్క్రమ్ మాస్టర్, పీఎంపీలలో ఏది చేయిస్తే మంచిది?
– ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: ముందు మీ భయం సంగతి. ఆలస్యం కబురు నాలుగు వారాల ముందు చెప్పినందుకు అప్రైజల్ పోయినవాళ్లను నేను చూడలేదు. గడువుకు రెండు రోజుల ముందు చెప్పి మాట పడ్డవాళ్లను మాత్రం చాలామందిని చూశాను. నాలుగు వారాలుంటే మేనేజర్ క్లయింట్‌తో మాట్లాడగలడు, పని తగ్గించగలడు, తేదీ జరపగలడు. రెండు రోజులే ఉంటే క్షమాపణ చెప్పడం తప్ప ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఆ కోపమే అప్రైజల్‌లో కనిపిస్తుంది.

మీరిచ్చిన సలహా నాకు నచ్చలేదు, సూటిగానే చెబుతున్నాను. సాయంత్రం క్యాష్ టాలీ కాకపోతే బ్రాంచ్ మేనేజర్‌కు చెప్పకుండా మీరు ఇంటికి వెళ్లేవారా? మీరు ఏనాడూ చెయ్యని పని అమ్మాయిని చెయ్యమంటున్నారు. ఆమెతో ఫోన్‌లో మాట్లాడాను. భయపడాల్సిన తప్పేమీ తను చెయ్యలేదు. ఇంట్లో మీరు వద్దంటున్నారనే మెయిల్ ఆపి కూర్చుంది.

ఆమె చెప్పిన లెక్క ఇది. పని: ఒక బీమా కంపెనీకి ఆన్‌లైన్‌లో ప్రీమియం కట్టించుకునే విభాగం. పేమెంట్ గేట్‌వే వాళ్లు టెస్ట్ యాక్సెస్ జులై 14న ఇవ్వాల్సింది, 30న ఇచ్చారు. అంటే 12 పనిదినాలు అక్కడే పోయాయి. ఆగస్టు 4 నుంచి 29 దాకా పంద్రాగస్టు, వినాయక చవితి పోను 18 పనిదినాలున్నాయి. మిగిలిన పనికి కోడింగ్ 10, టెస్టింగ్ 8, క్లయింట్ పరీక్షించుకోవడానికి 7, డిప్లాయ్‌మెంట్‌కు 2, మొత్తం 27 రోజులు కావాలి. తొమ్మిది రోజులు తక్కువ. క్లయింట్ వాళ్ల పరీక్ష వాళ్ల మనుషులే చెయ్యాలి కదా, మీ అమ్మాయి రాత్రిళ్లు మేలుకుంటే ఆ ఏడు రోజులు ఎలా తగ్గుతాయి?

ఆమె రాసిన డ్రాఫ్టు కూడా చదివాను. జులై మొదటి వారం నుంచి జరిగిందంతా వరసగా చెప్పి, గేట్‌వే వాళ్ల తప్పులు ఏకరువు పెట్టి, చివర్న ‘ఏం చెయ్యాలో చెప్పగలరు’ అని ముగించింది. ఇలాంటి మెయిల్ అందుకున్న మేనేజర్‌కు ఒక సమస్య మాత్రమే చేరుతుంది, దాన్ని విప్పే పని కూడా ఆయన మీదే పడుతుంది. పది మెయిల్స్ చూసుకునే మనిషి దాన్ని రేపటికి వాయిదా వేస్తాడు. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ఆఫీసుకు ఇంగ్లీషులోనే వెళ్తుంది, మీకోసం తెలుగులో పెడుతున్నాను. ఇందులో స్కోప్ అంటే ఇస్తామని ఒప్పుకున్న మొత్తం పని, గో-లైవ్ అంటే అది కస్టమర్లకు అందుబాటులోకి రావడం.

సబ్జెక్ట్: ఆగస్టు 6 లోపు మీ నిర్ణయం కావాలి – ప్రీమియం పేమెంట్ గో-లైవ్

‘సర్, ఇప్పుడున్న స్కోప్ మొత్తంతో ఆగస్టు 29 గో-లైవ్ సాధ్యం కాదు. 9 పనిదినాలు తక్కువ పడుతున్నాయి. టెస్ట్ యాక్సెస్ 12 పనిదినాలు ఆలస్యంగా రావడం కారణం. రోజువారీ ప్లాన్ జతచేశాను.

మనకున్న దారులు మూడు. ఒకటి, స్కోప్ అంతా ఉంచి తేదీని సెప్టెంబర్ 12కి జరపడం. క్లయింట్ సెప్టెంబర్ 1న కస్టమర్లకు ఇవ్వదలచిన ప్రకటన వాయిదా పడుతుంది. రెండు, కార్డు, యూపీఐ చెల్లింపులతో 29నే వెళ్లి, ఆటో డెబిట్, రీఫండ్ స్క్రీన్‌లను తర్వాతి రిలీజ్‌లో ఇవ్వడం. దీనికి 15 రోజులు చాలు, మూడు రోజుల వెసులుబాటు ఉంటుంది. అప్పటిదాకా రీఫండ్లను క్లయింట్ సిబ్బంది గేట్‌వే డాష్‌బోర్డు నుంచి తామే చేసుకోవాలి. మూడు, ఇద్దరు టెస్టర్లను అదనంగా తీసుకుని మూడు శనివారాలు పనిచెయ్యడం. ఆరు రోజులు కలిసొస్తాయి, అయినా మూడు రోజులు తక్కువే.

నా సిఫార్సు రెండోది. క్లయింట్ ప్రకటన ఆగదు, వాయిదా పడేవి మొదటి రోజు ఎక్కువమందికి అవసరం లేనివి. రీఫండ్లకు క్లయింట్ ఒప్పుకోవడం ఒక్కటే ఇందులో సందేహం, దానికి మీరు వాళ్లతో మాట్లాడాలి. బుధవారం, 6వ తేదీ సాయంత్రానికి నిర్ణయం కావాలి. ఈలోగా ఏ దారిలోనైనా అవసరమయ్యే కార్డు, యూపీఐ పని ముందు చేస్తున్నాం.’

మూడో దారి పనికిరాదని తెలిసీ ఎందుకు పెట్టామంటారేమో. మెయిల్ చదవగానే మేనేజర్ నోట వచ్చే మొదటి మాట ‘ఇద్దర్ని ఇస్తాను, శనివారాలు చెయ్యండి’ అనే. ఆ లెక్క ముందే కళ్లముందుంటే రెండు రోజుల చర్చ తప్పుతుంది. పైగా కొత్తవాళ్లకు పని నేర్పేది ఉన్న నలుగురే కాబట్టి, ఆ ఆరు రోజులు కూడా పూర్తిగా దక్కవు.

మెయిల్ పంపేముందు ఆయన దగ్గరకు వెళ్లి పది నిమిషాలు నోటితో చెప్పమన్నాను. మెయిల్ ఆయనకొక్కరికే వెళ్లాలి, పైవాళ్లనూ క్లయింట్‌నూ సీసీలో పెట్టకూడదు. ఇంకోటి, వారం వారం నింపే స్టేటస్ షీట్‌లో ఈ ప్రాజెక్టు ఇంకా ‘గ్రీన్’ అనే ఉంది. మెయిల్ వెళ్లిన రోజే దాన్ని రెడ్‌కి మార్చాలి. లేకపోతే మొన్నటిదాకా బాగానే ఉందన్నావు కదా అని అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబుండదు.

ఆయన ‘ఎలాగోలా మేనేజ్ చెయ్యి’ అంటే కుంగిపోనక్కర్లేదు. ‘మీరు చెప్పినట్టే స్కోప్ మార్చకుండా 29కి ప్రయత్నిస్తాం. 9 రోజుల తేడా అలాగే ఉంది. 13న మళ్లీ చూసి చెబుతాను’ అని అదే మెయిల్‌కు మూడు వాక్యాల రిప్లై పెడితే చాలు. దాంతో ఆ నిర్ణయం ఎవరిదో రికార్డులో ఉంటుంది.

ఇక కోర్సుల సంగతి. పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు ప్రాజెక్టులు నడిపిన అనుభవం 36 నెలలు కావాలి. ఉద్యోగంలో చేరే రెండేళ్లయితే ఆమె అప్లై చేసేదెలా? కోచింగ్ వాళ్లు ఫీజు చెప్పినప్పుడు ఈ మాట కూడా చెప్పారా, అడగండి. స్క్రమ్ మాస్టర్‌లో బాగా పేరున్న సీఎస్ఎం రెండు రోజుల క్లాసు, 50 ప్రశ్నల పరీక్ష, 37 సరిగ్గా పెడితే పాస్. మా దగ్గరకు ఆ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చే పిల్లలు ఏటా పెరుగుతున్నారు, వాళ్లను చూస్తే నాకు దిగులుగా ఉంటుంది. టీమ్ రోజూ పెట్టుకునే స్టాండప్ మీటింగ్ ఎన్ని నిమిషాలో చెబుతారు. ‘నీ టీమ్ తొమ్మిది రోజులు వెనకబడింది, ఏం చేస్తావు?’ అంటే టీమ్‌తో చర్చిస్తామంటారు, అక్కడితో ఆగిపోతారు. కోడింగ్ వదిలి స్క్రమ్ మాస్టర్ ఉద్యోగమే కావాలని వచ్చేవాళ్లను నేను మరీ నిరుత్సాహపరుస్తాను. చాలా టీముల్లో ఆ బాధ్యత లీడ్‌కే అదనంగా అప్పగిస్తున్నారు, విడిగా ఉద్యోగం ఉండటం లేదు. రెండేళ్లకే కోడ్‌కు దూరమైన మనిషి తర్వాత ఎటూ కాకుండా పోవచ్చు.

ఆ రెండింటినీ పోల్చి చెప్పమన్నారు, కానీ ఇప్పుడు ఆమెకు రెండూ వద్దు. 27 రోజుల పనిని అలా ముక్కలుగా విడగొట్టి లెక్క చెప్పింది మీ అమ్మాయే, నేను సర్దింది వాక్యాలే. ఆ ఫీజు డబ్బు దాచండి. మెయిల్ సోమవారం పొద్దున వెళ్తుంది, ఈ ఆదివారం ఆ విషయం ఎత్తి ఆమెను మళ్లీ వెనక్కి లాగకండి.