సగం సగం అనుకున్నారు సరే, దేనిలో సగం?

ప్రశ్న: ఒక ఇంటి అమ్మకంలో మరో ఏజెంటుతో కలిసి పనిచేస్తున్నాను. ఇల్లు ఆయన చేతిలో ఉంది, కొనేవారిని నేను తీసుకొచ్చాను. కమిషన్ సగం సగం అని నోటిమాటగా అనుకున్నాం. ఇప్పుడాయన తన ఖర్చులు పోగా మిగిలినదానిలో సగం ఇస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన మాట తప్పుతున్నారని అప్పుడే అనుకోకండి. దేనిలో సగమన్నది మీ ఇద్దరిలో ఎవరూ చెప్పుకోలేదు కాబట్టి, ఎవరికి అనుకూలమైన అర్థం వారు తీసుకున్నారు. అమ్మేవారు ఇచ్చే కమిషన్‌ను 100 పాళ్లు అనుకుందాం. ఫొటోలకూ ప్రకటనలకూ ఆయన 12 పాళ్లు ఖర్చు పెట్టారనీ, అందులో 8 మీరు రంగంలోకి రాకముందే అయిపోయాయనీ అనుకుందాం. మొత్తంలో సగమైతే మీకు 50 వస్తాయి. ఖర్చంతా తీసేస్తే మిగిలిన 88లో సగం, అంటే 44 వస్తాయి. నా దృష్టిలో న్యాయమైన లెక్క ఈ రెండింటికీ మధ్యన ఉంది. ముందు పెట్టిన 8 పాళ్లు, కొనేవారిని ఎవరు తెచ్చినా ఆయన పెట్టాల్సిన ఖర్చే కనుక ఆయనవే. ఇద్దరూ కలిశాక, మీకు తెలిసి పెట్టిన 4 మాత్రమే ఉమ్మడి ఖర్చు. అవి ఆయనకు తిరిగి ఇచ్చాక మిగిలిన 96లో చెరి 48 తీసుకోవచ్చు. ఆ నాలుగింటికీ బిల్లులు చూపమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఖర్చుల కంటే ఎక్కువ గొడవ తెచ్చేది చివరి నిమిషంలో ఇచ్చే తగ్గింపు. ధర దగ్గర బేరం ఆగిపోయినప్పుడు అమ్మే వ్యక్తి కమిషన్ తగ్గించుకోమంటాడు, ఎదురుగా ఉన్న ఏజెంటు అక్కడికక్కడే సరేనంటాడు. కమిషన్ 80కి దిగిందనుకోండి. ఇద్దరూ ఒప్పుకుని తగ్గించి ఉంటే, ఉమ్మడి ఖర్చు పోగా 76లో చెరి 38. మిమ్మల్ని అడగకుండా ఆయనే తగ్గించి ఉంటే, మీ 48 మీకు వచ్చి, ఖర్చు 4తో కలిపి ఆయనకు 32 మిగలాలి. ఈ షరతు కాగితం మీద ఉంటే, ఒప్పుకునే ముందు ఆయన మీకు ఫోన్ చేస్తారు. మీరు తగ్గించినా ఇదే లెక్క వర్తిస్తుందని కూడా అందులోనే రాయండి.

ఇక డబ్బు ఎవరి ఖాతాలోకి వస్తుందన్నది. మొత్తం ఆయన ఖాతాలో పడితే, లెక్కల్లో అది మొదట ఆయన ఆదాయంగానే కనిపిస్తుంది. మీకిచ్చిన వాటాను ఆయన ఖర్చుగా చూపుకోవాలంటే మీ నుంచి బిల్లు ఉండాలి, మీ చేతికి వచ్చింది మీ ఆదాయంగా మీ లెక్కల్లోకి ఎక్కాలి. చేతికి చేయి నగదుగా పంచుకుంటే ఇద్దరికీ చిక్కే. అందుకని, అమ్మేవారు ఒప్పుకుంటే, ఎవరి వాటాకు వారు విడిగా బిల్లు ఇచ్చి నేరుగా తీసుకోవడం అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి. అలా కుదరకపోతే, పంపకం పన్నుకు ముందు మొత్తం మీద జరుగుతుందనీ, ఎవరి పన్ను వారిదనీ, కమిషన్ విడతలుగా వస్తే ప్రతి విడతనూ అదే నిష్పత్తిలో మూడు రోజుల్లోగా పంచుతారనీ రాసుకోండి. మీలో ఎవరైనా ఒక సంస్థ కింద పనిచేస్తుంటే కమిషన్‌పై హక్కు సాధారణంగా ఆ సంస్థదే కాబట్టి, సంతకం అక్కడి బాధ్యులతో చేయించాలి. లైసెన్సు లేనివారికి వాటా ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకోని చోట్లు చాలా ఉన్నాయి, అదీ ముందే చూసుకోండి. కొనేవారి నుంచి మీరు విడిగా ఏమైనా తీసుకుంటుంటే, ఆ సంగతి ఇరుపక్షాలకూ ముందే తెలియాలి.

దీనికి పెద్ద దస్తావేజు అక్కర్లేదు. అమ్మకం ఒప్పందం మీద సంతకాలు కాకముందే ఆయనకు ఇలా రాసి పంపండి: “ఫలానా ఇంటిని కొంటున్న ఫలానా వారిని ఫలానా తేదీన నేను పరిచయం చేశాను. అమ్మేవారు ఇచ్చే కమిషన్‌లోంచి, ఇద్దరం ఒప్పుకుని పెట్టిన ఖర్చు బిల్లుల ప్రకారం తీసివేసి, మిగిలినది చెరిసగం. రెండోవారి రాతపూర్వక అంగీకారం లేకుండా కమిషన్ తగ్గించినవారే ఆ తగ్గింపును భరించాలి. ఈ బేరం ఆగిపోయి, ఇదే వ్యక్తి ఆరు నెలల్లోగా ఇదే ఇల్లు కొన్నా ఈ పంపకమే వర్తిస్తుంది. మీకు సమ్మతమైతే ‘ఒప్పుకుంటున్నాను’ అని జవాబు పంపగలరు.” చూశానని తెలిపే గుర్తు సమ్మతి కాదు, ఆ మాట ఆయన చేత రాయించుకోండి. ఆరు నెలల షరతు దగ్గర ఆయన బేరమాడితే మూడు నెలలకు దిగవచ్చు గానీ, పరిచయం చేసిన తేదీని మాత్రం తీసేయనివ్వకండి. బేరం ఆగి మళ్లీ మొదలైతే, కొనేవారు మీ ద్వారా వచ్చారని చూపడానికి మీ దగ్గర ఉండే ఆధారం అదే.