గడువు దాటిన రివైజ్డ్ రిటర్న్: అర్జీ ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప ర్యాకులు చేసే చిన్న వర్క్‌షాప్ నాది. 2023-24కి ఐటీఆర్-3లో రూ.16,40,000 ఆదాయం చూపి పన్నంతా కట్టేశాను. రిటర్న్ చూశాక పన్ను శాఖ పంపే ఇంటిమేషన్ కూడా సెప్టెంబరు 18, 2024న వచ్చింది. ఒక కస్టమర్ ఇచ్చిన రూ.4,80,000 అడ్వాన్స్ అమ్మకాల్లో రెండుసార్లు పడిందని 2025 మే 14న తెలిసింది. ఐటీఆర్-యూ అనే అప్‌డేటెడ్ రిటర్న్ వేయబోతే పోర్టల్ ఒప్పుకోలేదు. ఆలస్యాన్ని మన్నించి రివైజ్డ్ రిటర్న్ తీసుకోమని జూన్‌లో ఐటీవో గారికి ఉత్తరం రాశాను, జవాబు లేదు. జులై వచ్చేసింది. ఇప్పుడేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో తప్పు లేదు, చిరునామాలోనే ఉంది. గడువు దాటిన రిటర్న్‌ను అనుమతించే అధికారం మీ అసెసింగ్ అధికారి అయిన ఐటీవోకు లేదు. రివైజ్డ్ రిటర్న్ లేకుండా కొత్త క్లెయిమ్‌ను అసెసింగ్ అధికారి తీసుకోకూడదని గోయెట్జ్ ఇండియా కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన సానుభూతితో చదివినా చేయగలిగింది లేదు. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 119(2)(బి) కింద వస్తుంది. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సీబీడీటీ 2024 అక్టోబరు 1న ఇచ్చిన 11/2024 సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల లోపు క్లెయిమ్‌లను ప్రిన్సిపల్ కమిషనర్ లేదా కమిషనర్ తేలుస్తారు. మీ అర్జీ వెళ్లాల్సింది అక్కడికి.

ఐటీఆర్-యూ తిరగ్గొట్టడం కూడా సబబే. అది అదనంగా పన్ను కట్టేవాళ్ల కోసం పెట్టిన దారి. పన్ను తగ్గించుకోవడానికో రీఫండ్ పెంచుకోవడానికో దాన్ని వాడనివ్వరు. రెక్టిఫికేషన్ కూడా మీకు పనికిరాదు. టీడీఎస్ క్రెడిట్ తప్పిపోయి ఉంటే దానితో సరిపోయేది. కానీ మీరు మార్చాల్సింది ఆదాయాన్నే, అది రికార్డు చూడగానే తేలే పొరపాటు కాదు.

ముందు మీకు రావాల్సింది ఎంతో లెక్క తేల్చుకోండి, అర్జీలో మొదట అడిగేది అదే. 2023-24కి ఉన్న రేట్ల ప్రకారం కొత్త పన్ను విధానంలో రూ.16,40,000 మీద పన్ను రూ.1,92,000. నాలుగు శాతం సెస్ కలిపితే రూ.1,99,680. సరైన ఆదాయం రూ.11,60,000 మీద పన్ను రూ.84,000, సెస్‌తో రూ.87,360. తేడా రూ.1,12,320. ఇదంతా ముందస్తు పన్ను, టీడీఎస్‌ల రూపంలో కట్టిందే కాబట్టి సర్క్యులర్ షరతుకు సరిపోతుంది. ఆలస్యంగా అడిగే ఈ రీఫండ్ మీద వడ్డీ మాత్రం రాదు. అర్జీలో వడ్డీ అడక్కండి.

ఇక అసలు విషయం, పొరపాటును రుజువు చేయడం. మీ పుస్తకాల్లో బహుశా ఇలా జరిగి ఉంటుంది. బిల్లు రూ.4,80,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.86,400, మొత్తం రూ.5,66,400. అడ్వాన్స్ వచ్చిన రోజు అకౌంటెంట్ ఆ రూ.4,80,000ను కస్టమర్ ఖాతాలో జమ వేయకుండా నేరుగా సేల్స్‌లో వేశారు. సరుకు పంపినప్పుడు బిల్లు చేస్తే సేల్స్‌లో మళ్లీ రూ.4,80,000 పడింది. మిగిలిన రూ.86,400 మాత్రమే కస్టమర్ ఖాతాలో జమ అయింది. బ్యాంకు నిల్వ సరిపోయింది, ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయింది, ఎక్కడా ఎర్రజెండా లేదు. ఒక్క కస్టమర్ లెడ్జర్‌లో మాత్రం రూ.4,80,000 బాకీ నిలిచిపోయింది. నిజానికి ఆయన మీకు పైసా బాకీ లేడు.

ఆ నిలిచిన బాకీయే మీ సాక్ష్యం. మీ లెడ్జర్ కాపీ పక్కన 2024 మార్చి 31 నాటికి బాకీ సున్నా అని కస్టమర్ సంతకం చేసిన బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పెట్టండి. అడ్వాన్స్ పడిన రోజు బ్యాంకు స్టేట్‌మెంట్, బిల్లు కాపీ జత చేయండి. జీఎస్టీ రిటర్నులు ఇంకా గట్టి ఆధారం. సరుకు అడ్వాన్స్ మీద జీఎస్టీ కట్టనక్కర్లేదు కాబట్టి అక్కడ అమ్మకం ఒక్కసారే పడి ఉంటుంది. ఐటీఆర్‌లో చూపిన టర్నోవర్ జీఎస్టీ టర్నోవర్ కంటే సరిగ్గా రూ.4,80,000 ఎక్కువుందని ఒక చిన్న పట్టికలో చూపండి. తేడా ఒక్క రూపాయి అటూ ఇటూ ఉన్నా కారణం రాయండి, లేకపోతే అధికారికి అనుమానం అక్కడే మొదలవుతుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక. 2024-25 పుస్తకాల్లో ఈ రూ.4,80,000ను మొండి బాకీగా రాసేసి ఖర్చు చూపమని ఎవరైనా చెబితే వినొద్దు. అసలు లేని బాకీ మొండి బాకీ కాదు. పైగా రీఫండూ అడిగి, ఖర్చూ చూపితే ఒకే మొత్తానికి రెండుసార్లు లాభం పొందినట్టవుతుంది. అది బయటపడితే మీ నిజాయతీయే ప్రశ్నార్థకమవుతుంది. లాభనష్టాల ఖాతాను తాకకుండా క్యాపిటల్ ఖాతాలో సర్దండి. ఆ ఎంట్రీ కాపీ కూడా అర్జీకి జత చేయండి.

అర్జీలు ఎక్కువగా ఓడిపోయేది ఆలస్యానికి చెప్పే కారణం దగ్గర. "మా ఆడిటర్ చూసుకోలేదు, దయచేసి మన్నించండి" అన్న రెండు ముక్కలు సరిపోవు. మీ ఆలస్యంలో రెండు భాగాలున్నాయి, రెండింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. మొదటిది, పొరపాటు తెలియని కాలం. రెండోది, తెలిశాక అర్జీ పెట్టేదాకా గడిచిన కాలం. చాలామంది మొదటిదే వివరించి రెండోదాన్ని వదిలేస్తారు. మే 14న తెలిస్తే జులై దాకా ఏం చేశారని అధికారి అడుగుతారు. మీ దగ్గర దానికి మంచి జవాబే ఉంది, తేదీలతో పెట్టండి.

లెక్క ఏ రోజు నుంచి అన్నది కూడా చూసుకోండి. 2023-24లో వచ్చిన ఆదాయానికి అసెస్‌మెంట్ ఏడాది 2024-25. మామూలుగా దానికి సవరణ గడువు డిసెంబరు 31, 2024. దేశంలో నివాసముండే వ్యక్తులకు సీబీడీటీ ఆ గడువును జనవరి 15, 2025 దాకా పొడిగించింది. మీ ఆలస్యం జనవరి 16 నుంచే మొదలు. అర్జీ జులై 10న పెడితే 176 రోజులు. అర్జీలో అసలు భాగం ఇలా రాయవచ్చు. మీ తేదీలు, వివరాలు ఎక్కడ వేరుగా ఉంటే అక్కడ మార్చుకోండి:

> గౌరవనీయులైన ప్రిన్సిపల్ కమిషనర్ గారికి,
>
> విషయం: 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరానికి రివైజ్డ్ రిటర్న్ దాఖలులో 176 రోజుల ఆలస్యాన్ని సెక్షన్ 119(2)(బి) కింద మన్నించి, రూ.1,12,320 రీఫండ్ కోరుతూ రిటర్న్ దాఖలుకు అనుమతి ఇవ్వవలసిందిగా మనవి.
>
> నేను గడువులోపే రిటర్న్ దాఖలు చేసి, అందులో చూపిన ఆదాయం మీద పన్ను పూర్తిగా చెల్లించాను. ఒక కస్టమర్ ఇచ్చిన రూ.4,80,000 అడ్వాన్స్ పొరపాటున అమ్మకంగా నమోదైంది. అదే సరుకుకు బిల్లు చేసినప్పుడు ఆ మొత్తం మళ్లీ అమ్మకాల్లో చేరింది. దీంతో నాకు రాని ఆదాయం మీద పన్ను చెల్లించాను.
>
> బ్యాంకు నిల్వ, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోవడంతో ఈ పొరపాటు సవరణ గడువులోగా నా దృష్టికి రాలేదు. తర్వాతి ఏడాది లెక్కలు ముగించే క్రమంలో, తాను ఏమీ బాకీ లేనని కస్టమర్ చెప్పడంతో 14-05-2025న తెలిసింది. 02-06-2025న ఆయన నుంచి లిఖితపూర్వక ధ్రువీకరణ తీసుకున్నాను. 09-06-2025న అప్‌డేటెడ్ రిటర్న్‌కు ప్రయత్నించగా పోర్టల్ అనుమతించలేదు. 16-06-2025న అసెసింగ్ అధికారికి వినతి ఇచ్చాను. నా వైపు నుంచి కావాలని చేసిన జాప్యం లేదు, ఆలస్యం వల్ల నాకు ఏ లాభమూ లేదు.
>
> నా నిజమైన ఆదాయం రూ.11,60,000. అందులో దాదాపు పదో వంతు, రాని ఆదాయం మీద పన్నుగా పోయింది. ఈ ఆదాయం మరెవరి చేతిలోనూ పన్నుకు లోబడేది కాదు. ఈ రీఫండ్ మీద వడ్డీ కోరడం లేదు.

కింద పాన్, మొదటి రిటర్న్ రసీదు సంఖ్య, ఇంటిమేషన్ తేదీ, రెండు కంప్యుటేషన్లు పక్కపక్కన ఉండాలి. ఎంట్రీ వేసిన అకౌంటెంట్ చేత ఏం జరిగిందో నోటరీ అఫిడవిట్ ఇప్పించండి. నెపం ఆయన మీద తోసేసినట్టు కాకుండా ఏ రోజు ఏ ఖాతాలో వేశారో చెప్పేలా ఉండాలి. అనారోగ్యం లాంటి కారణాలు కాగితం లేకుండా చేర్చొద్దు. ఆఫీసు వ్యవహారం ఎక్కువగా ఇంగ్లిష్‌లో నడుస్తుంది కాబట్టి తుది ప్రతిని ఆ భాషలో పెట్టండి, విషయం ఇదే క్రమంలో ఉండాలి.

ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో `Services` లోకి వెళ్లి `Condonation Request`, అందులో `Allow ITR filing after time-barred` ఎంచుకుని అర్జీ, జతపత్రాలు అప్‌లోడ్ చేయండి. ఒక ప్రతి కమిషనర్ ఆఫీసు తపాలాలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. కమిషనర్ సాధారణంగా ఐటీవో నుంచి నివేదిక తెప్పించుకుంటారు. జూన్ ఉత్తరం అప్పుడు మీకు అక్కరకొస్తుంది, దాని రసీదు జాగ్రత్త. అర్జీ అందిన నెల చివరి నుంచి ఆరు నెలల్లో వీలైనంత వరకు తేల్చాలని సర్క్యులర్ చెబుతోంది. ఆర్డర్ రాకముందే రిటర్న్ వేసే ప్రయత్నం చేయకండి. వచ్చాక ఆ ఏడాది ఐటీఆర్-3లోనే దాఖలు సెక్షన్‌గా `119(2)(b)` ఎంచుకుని, ఆర్డర్ నంబరు, తేదీ ఇచ్చి, 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. అనుమతి వచ్చినంత మాత్రాన రీఫండ్ వచ్చినట్టు కాదు, క్లెయిమ్‌ను మళ్లీ పరిశీలిస్తారు.

ఈ అర్జీకి చివరి గడువు అసెస్‌మెంట్ ఏడాది ముగిసిన నాటి నుంచి ఐదేళ్లు, అంటే మీకు మార్చి 31, 2030. అయినా నెలలు గడపొద్దు. ఎందుకంటే మీకు ఇంకో దారి కూడా ఉంది, దాని గడువు చాలా దగ్గర. ఇంటిమేషన్ అందిన ఏడాదిలోపు అదే ప్రిన్సిపల్ కమిషనర్‌కు సెక్షన్ 264 కింద రివిజన్ పిటిషన్ వేయవచ్చు, ఫీజు రూ.500. పన్ను కట్టినవారు తామే చేసిన పొరపాటును కూడా దీని కింద సరిదిద్దవచ్చని పలు హైకోర్టులు చెప్పాయి. మీ ఇంటిమేషన్ తేదీ లెక్కన 2025 సెప్టెంబరు 17లోపు ఆ పిటిషన్ కూడా వేసేయండి. జతపత్రాలు అవే. ఒకదానిలో రెండోది వేసిన సంగతి దాచకుండా రాయండి.

కండోనేషన్ అర్జీని తిరస్కరిస్తే దాని మీద అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ వేయాలి. రూ.1,12,320 కోసం ఆ ఖర్చు పెట్టాలా వద్దా అన్నది, తిరస్కరణ ఆర్డర్‌లో మీ తేదీలకు, కన్ఫర్మేషన్‌కు జవాబు చెప్పారా లేదా చూసి నిర్ణయించుకోవాలి. వాటి ఊసే ఎత్తకుండా కొట్టేసి ఉంటే రిట్‌కు బలం ఉంటుంది.