జనతా వాచీకి సఫైర్ గ్లాస్ వేయించాలా?

మా నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా వాచీ అద్దం గీతలతో మసకబారింది. అబిడ్స్‌లో ఒక షాపువాళ్లు సఫైర్ వేయిస్తే ఇక గీతే పడదంటున్నారు. వేయించమంటారా? నేను రోజూ పెట్టుకునే వాచీది మినరల్ గ్లాస్. దాని గీతలు పాలిష్‌తో పోతాయా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జనతాకు సఫైర్ వద్దు. దాని అద్దం ఉబ్బుగా ఉండే యాక్రిలిక్. నొక్కి బిగిస్తే కేసు అంచులో తనంతట తానే పట్టుకుంటుంది. సఫైర్ అలా వంగదు కాబట్టి జిగురుతో అంటించాలి. పైగా చదునైన పలక వేస్తే ఉబ్బు కింద ఉండాల్సిన ఖాళీ తగ్గి, సెకన్ల ముల్లు అద్దానికి రాసుకుని వాచీ ఆగిపోవచ్చు.

ముందు గీత మీద గోరు పెట్టి లాగండి. గోరు తట్టుకోకపోతే ఇంట్లోనే పోతుంది. కేసు అంచుకు టేపు అంటించి, బియ్యపు గింజంత యాక్రిలిక్ పాలిష్ పేస్టును మెత్తటి నూలు గుడ్డతో నాలుగైదు నిమిషాలు రుద్ది తుడవండి. రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. గోరు తట్టుకుంటే ముందు 2000 నంబరు ఎమరీ కాగితాన్ని కాస్త తడిపి రుద్ది, తర్వాత పేస్టు వాడాలి. నీళ్లు మాత్రం కారనివ్వకండి, ఈ వాచీ నీటిని ఆపదు. డ్రిల్లుకు బఫ్ తగిలించి రుద్దితే వేడికి యాక్రిలిక్ మెత్తబడి అలలు తేలుతుంది. పగులు ఉంటే పాలిష్ పనికిరాదు, కొత్త యాక్రిలిక్ వేయించండి. యాక్రిలిక్, మినరల్, సఫైర్ మూడింటిలో చవకైనది అదే.

మినరల్ గ్లాస్ సంగతి వేరు. మోస్ కొలతలో యాక్రిలిక్ గట్టిదనం సుమారు 3, మినరల్ గ్లాస్ 5.5 నుంచి 6, సఫైర్ 9. మన ఊరి రాళ్లు గ్రానైట్. అందులోని క్వార్ట్జ్ గట్టిదనం 7. వంటింటి గ్రానైట్ గట్టుకు చెయ్యి తగిలినా, దుమ్ము ఉన్న అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచినా మినరల్ గీసుకుపోయేది ఇందుకే. సఫైర్‌ను ఆ దుమ్ము ఏమీ చేయలేదు. మినరల్‌ను పాలిష్ చేయాలంటే సీరియం ఆక్సైడ్‌తో గంటలు పడుతుంది, ఎగుడుదిగుడైతే అంకెలు వంకరగా కనిపిస్తాయి. దాని బదులు అద్దం మార్చడమే చవక.

రోజువారీ వాచీకైతే సఫైర్ ఆలోచించవచ్చు. కానీ పూత లేని సఫైర్ ఒక్కో వైపు సుమారు 8 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది, మినరల్ అయితే 4 శాతమే. ఎండలో డయల్ మీద మీ ముఖమే కనిపిస్తుంది! అందుకే లోపలి వైపు యాంటీ రిఫ్లెక్టివ్ పూత ఉన్నది అడగండి. పై పూత గీసుకుపోతుంది. గట్టి నేలమీద పడితే సఫైర్ పగిలే ప్రమాదమూ ఉంది, మార్చే ఖర్చు మినరల్ కన్నా చాలా ఎక్కువ. పార్టు ధర, కూలి విడిగా చెప్పించుకోండి. అద్దాన్ని సూపర్ గ్లూతో అంటించవద్దని కూడా చెప్పండి. దాని ఆవిరి లోపలి వైపు తెల్లటి పొరలా పట్టేస్తుంది.