నలభై రెండు నిమిషాల వీడియోని ఎక్కడ కొయ్యాలి?

చిట్టీ,

ఎక్సెల్‌లో హాల్ టికెట్ నంబర్‌తో పిల్లల మార్కులు వెతికే VLOOKUP ఫార్ములా మీద నువ్వు పంపిన వీడియో మొత్తం చూశాను. చెప్పింది బాగుంది, కానీ నలభై రెండు నిమిషాలేంటమ్మా! 2014లో ఎడెక్స్ ఆన్‌లైన్ కోర్సుల వీడియోలు పరిశీలిస్తే, ఎంత పొడుగు వీడియో అయినా జనం మామూలుగా చూసేది ఆరు నిమిషాల లోపేనని తేలింది. అలాగని గడియారం పెట్టుకుని ఆరేసి నిమిషాలకి కొయ్యకు. నేర్చుకునేవాడు వీడియో ఆపి తన షీట్‌లో చేసి చూడాల్సిన చోట కొయ్యి.

నీ వీడియోలో అలాంటి చోట్లు నాలుగున్నాయి. ఫార్ములా దేనికో, దాని నాలుగు భాగాలేంటో, కిందికి లాగితే ఎందుకు చెడుతుందో, వెతికింది దొరకలేదనే #N/A ఎందుకొస్తుందో. మూడోది చూడు.

```
=VLOOKUP(A2,$F$2:$H$61,3,FALSE)
```

ఆ డాలర్లు లేకపోతే మొదటి వరుసలో మార్కులు సరిగ్గానే వస్తాయి, కిందికి లాగేకొద్దీ టేబుల్ కూడా ఒక్కో వరుస జారి పైనున్న పిల్లలు దొరకరు. ఈ ఒక్క తప్పే ఒక పాఠానికి చాలు.

మొదలుపెట్టడం మాత్రం అన్ని పాఠాల్లో ఒకేలా ఉండాలి. లోగో, మ్యూజిక్, "హాయ్ ఫ్రెండ్స్" తీసెయ్. చెడిపోయిన షీట్ చూపించు, "ఇది సరిచేద్దాం" అను, ఇరవై సెకన్లలో పని మొదలవ్వాలి. ఆ వెంటనే పాత పాఠం మీద ఒక ప్రశ్న వేసి ఐదు సెకన్లు నోరు మూసుకో (నీకు అదే కష్టం, తెలుసు), తర్వాత జవాబు చెప్పు. పాఠం నంబర్ మాత్రం నోటితో చెప్పకు, టైటిల్‌లోనే పెట్టు. నేను "ఏడో పాఠంలో చూశాం కదా" అని చెప్పుకుంటూ పోయి, మధ్యలో ఒకటి చేర్చాల్సొచ్చి పదకొండు వీడియోలకి మళ్ళీ గొంతు రికార్డు చేశాను.

చివర్లో చెప్పిందే మళ్ళీ చెప్పకు. ఖాళీ సెల్‌లో ఫార్ములా మొదటి నుంచి ఒకసారి టైప్ చెయ్యి, మాటలు తక్కువగా.

ఇక అభ్యాసం. నువ్వు చూపించిన షీటే ఇస్తే వాళ్ళు కాపీ కొట్టి అయిపోయిందనుకుంటారు. హాల్ టికెట్ల బదులు కిరాణా సరుకుల ధరల పట్టిక ఇవ్వు. నాలుగో పాఠానికిచ్చే షీట్‌లో ఒక సరుకు కోడ్ చివర కావాలనే ఒక స్పేస్ పెట్టు. కంటికి కనపడదు, #N/A వస్తుంది. అక్షరాలు లెక్కపెట్టే LEN వేసి చూస్తే ఆరు అక్షరాల కోడ్‌కి 7 అని వస్తుంది, అప్పుడు అదనపు స్పేస్‌లు తీసేసే TRIM గుర్తుకు రావాలి. జవాబు షీట్ విడిగా పెట్టు, అదే ఫైల్‌లో పక్క ట్యాబ్‌లో పెట్టావంటే ముందు అదే తెరుస్తారు.

పెట్టిన వారానికి యూట్యూబ్‌లో జనం ఎక్కడిదాకా చూశారో చూపించే రిటెన్షన్ గ్రాఫ్ చూడు. మొదట్లోనే గీత దబ్బున పడితే నీ ఉపోద్ఘాతం ఇంకా పొడుగుందని. మధ్యలో గీత పైకి లేస్తే, అక్కడ అర్థంకాక వెనక్కి లాగి చూస్తున్నారేమోనని ఆ ముక్క నువ్వే ఓసారి చూసుకో. డాలర్ల దగ్గర లేస్తుందని నా అనుమానం.

ముందు ఆ మూడో పాఠం ఒక్కటే తీసి పంపు, మిగతావి తర్వాత.

మీ బాబాయ్