అప్పుకు వెళ్లే ముందు రిపోర్టులో ఏ గడులు చూడాలి?

ప్రశ్న: అయ్యా, మాది రాయగడ. కిరాణా దుకాణం ఉంది, ఖర్చులు పోను నెలకు 36 వేలు మిగులుతాయి. దసరా సరుకు కోసం 3 లక్షల పర్సనల్ లోను తీసుకుందామనుకుంటున్నాను. సిబిల్ రిపోర్టు ఫోన్‌లో తెరిచి నాలుగు స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. స్కోరు 688 అని తప్ప నాకేమీ అర్థం కాలేదు. బంగారం లోను సంక్రాంతికి ముందే కట్టేసి నగ తెచ్చుకున్నాను. చేతిలో 40 వేలు ఉన్నాయి. ఇప్పుడు దరఖాస్తు పెట్టవచ్చా?

జవాబు: ఈ నెలలో పెట్టవద్దు. అందుకు కారణం స్కోరు కాదు, మీ రెండో చిత్రం అడుగున, మూడో చిత్రం పైన సగం సగంగా తెగిపోయిన ఒక ఖాతా.

రిపోర్టులో ప్రతి అప్పుకూ ఒక పెట్టె ఉంటుంది. పై భాగంలో అప్పు ఇచ్చిన సంస్థ, అప్పు రకం, `Ownership` ఉంటాయి. కింది భాగంలో మొత్తాలు, తేదీలు, దాని తరువాత నెలవారీ గడులు ఉంటాయి. మీ రెండో చిత్రం చివరి వరుసలో సరుకు రవాణా వాహన రుణం, `Ownership : Guarantor` అని ఉండి అక్కడితో తెర అయిపోయింది. మూడో చిత్రం `Current Balance` 2,15,000, `EMI Amount` 8,900, `Amount Overdue` 26,700 అంటూ మొదలైంది. చిత్రాలను విడివిడిగా చూసినవారు ఈ అంకెలను దాని కిందనే ఉన్న మీ బైకు లోనుకు అంటగట్టే ప్రమాదం ఉంది. అందువల్ల పెట్టె తల, తోక రెండూ దొరికే వరకు ఏ అంకెనూ లెక్కలోకి తీసుకోకూడదు. వీలైతే స్క్రీన్‌షాట్లకు బదులు పీడీఎఫ్‌నే దించుకోండి.

ఫోన్‌లో మిమ్మల్ని అడిగితే, అది పార్వతీపురంలో మీ బావమరిది ఆటో ట్రాలీ కొన్నప్పుడు మీరు పెట్టిన హామీ సంతకం అన్నారు. ఆంధ్రలో తీసుకున్న అప్పు ఒడిశాలో మీ రిపోర్టులోకి ఎలా వచ్చిందని మీరు ఆశ్చర్యపోయారు కానీ, రిపోర్టు పాన్ నంబరు వంటి గుర్తింపు వివరాలతో కూడుతుంది కాబట్టి దానికి రాష్ట్ర సరిహద్దుతో పని లేదు. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం.

ఈ అప్పు ఎంత ముదిరిందో నెలవారీ గడులు చెబుతాయి. అందులోని మూడంకెల సంఖ్య, కట్టని వాయిదాల్లో అన్నిటికంటే పాతది గడువు దాటి ఎన్ని రోజులైందో చూపుతుంది. 000 ఉంటే బాకీ లేనట్టు. మీ చిత్రంలో జులై గడి అంచున మసకబారి 064 అనీ 084 అనీ రెండు విధాలుగా కనిపించింది. ఇలాంటప్పుడు ఊహించడం కంటే పక్క గడిని చూడడం మంచిది. జూన్ గడిలో 033 స్పష్టంగా ఉంది. మధ్యలో పాత వాయిదా కట్టలేదు కనుక జులై 31 రోజులు కలిపితే 064 అవుతుంది. అంటే మే 28 వాయిదాతో మొదలై మూడు వాయిదాలు నిలిచిపోయాయి. 8,900 మూడింతలు చేస్తే వచ్చే 26,700తో కూడా ఇది సరిపోయింది. ఆగస్టు 26 నాటికి 90 రోజులు నిండుతాయి. అది దాటితే ఖాతా మొండి బకాయి వర్గంలోకి వెళుతుంది, ఆ గుర్తు హామీదారుగా మీ రిపోర్టులోనూ కనిపిస్తుంది.

మీ సొంత అప్పుల్లో బైకు లోను సక్రమంగా ఉంది: ఇంకా 31,400 బాకీ, వాయిదా 2,950. పర్సనల్ లోనులో 96,300 బాకీ ఉండగా `Amount Overdue` 5,210, జులై గడిలో 026 అని ఉంది. అంటే జులై 5 వాయిదా తప్పింది. బాకీ వేరు, గడువు మీరిన బాకీ వేరు: మొదటిది ఎంత ఉన్నా తప్పు కాదు, రెండోది ఒక్క వాయిదా ఉన్నా అప్పు ఇచ్చేవారు ముందు దాన్నే చూస్తారు.

బంగారం లోను సంగతి వేరు. `Date Closed` ఖాళీగా ఉండి 60,000 బాకీ చూపుతోంది కనుక రిపోర్టు లెక్కలో అది ఇంకా నడుస్తున్న అప్పే. అయితే మిగతా ఖాతాల సమాచారం 31-07-2025 నాటిది కాగా, ఈ ఒక్క ఖాతాది 31-12-2024 దగ్గరే ఆగిపోయింది. మీరు సంక్రాంతికి ముందు తీర్చిన విషయం వారు పంపలేదన్నమాట. నగ విడిపించుకున్నప్పుడు ఇచ్చిన రసీదు జతచేసి, అప్పు ఇచ్చిన సంస్థకూ సిబిల్‌కూ ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నియమం.

ఇక కార్డులు. మొదటి కార్డు `Credit Limit` 75,000, `Current Balance` 52,380. రెండోదాని పరిమితి 40,000, బాకీ 1,120. భాగించేటప్పుడు పరిమితితోనే భాగించాలి. పక్కనే ఉన్న `High Credit` 71,240 మీరు ఇంతవరకు ఆ కార్డుపై చేరిన గరిష్ఠ వాడకం మాత్రమే. తొందరలో చాలామంది దాన్నే పరిమితి అనుకుంటారు. రెండు కార్డులూ కలిపితే 1,15,000కు 53,500, అంటే 46.5 శాతం. మొదటి కార్డు ఒక్కటే చూస్తే దాదాపు 70 శాతం. 30 శాతం లోపు ఉండాలనేది చట్టం కాదు, వృత్తిలో మేము పాటించే లెక్క. కానీ 70 శాతం వాడకం పక్కన తప్పిన వాయిదా కూడా ఉంటే, దుకాణానికి నగదు ఆడడం లేదని అప్పు ఇచ్చేవారు అనుకోవడం సహజం.

చేతిలోని 40 వేలు ఇలా వాడండి. ఆగస్టు 5 వాయిదా కూడా కట్టలేదన్నారు కాబట్టి, ముందు పర్సనల్ లోనుకు రెండు వాయిదాలు, 10,420 కట్టండి. ఆలస్య రుసుము ఎంతో అడిగి అదీ తీర్చండి. తరువాత బావమరిదితో స్వయంగా వెళ్లి మాట్లాడండి. బంధుత్వంలో ఈ మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఈ వారమే ఎత్తాలి. మొత్తం 26,700 ఆయనే కట్టాలి. కుదరకపోతే కనీసం మే వాయిదా 8,900 ఆగస్టు 26 లోపు మీరైనా కట్టి, ఆ ఖాతాలోనే జమ అయినట్టు రసీదు తీసుకోండి. అప్పుడు పాత వాయిదా జూన్ 28ది అవుతుంది కనుక 26వ తేదీకి లెక్క 59 రోజుల దగ్గర ఉంటుంది. అయితే అది గండం గడవడానికే. మీ దరఖాస్తుకు ముందు మిగిలిన బాకీ కూడా పూర్తిగా తీరాలి. మిగిలే 20 వేలు మొదటి కార్డుకు, బిల్లు తయారయ్యే తేదీకి ముందే కట్టండి. బిల్లు వచ్చాక పూర్తిగా కట్టినా, రిపోర్టుకు ముందు వెళ్లేది పెద్ద బాకీయే కావచ్చు.

అప్పు ఇచ్చే సంస్థలు 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపాలి. కాబట్టి సెప్టెంబరు మూడో వారంలో రిపోర్టు మళ్లీ తీసి, ఇవే గడులు చూడండి. ఈలోగా వేర్వేరు చోట్ల దరఖాస్తులు పెట్టకండి, ప్రతిదీ విచారణగా నమోదవుతుంది.

అప్పు ఎంత తీసుకోవాలన్న విషయంలోనూ నాది వేరే అభిప్రాయం. 16 శాతం వడ్డీపై 3 ఏళ్లకు 3 లక్షలంటే వాయిదా సుమారు 10,550. మీ రెండు వాయిదాలతో కలిపి 18,710 అవుతుంది, అంటే మిగులులో సగానికి పైన. బావమరిది వాయిదా మీ మీద పడితే 27,610. అదే లక్షన్నర అయితే మొత్తం 13,430 దగ్గర ఆగుతుంది. దసరా సరుకులో వేగంగా అమ్ముడయ్యే నూనె, పప్పు, బెల్లం వరకు ఆ లక్షన్నరతో తెచ్చి, మిగతాది మీ టోకు వ్యాపారి దగ్గర పదిహేను రోజుల అరువుకు అడగండి.