కమిషన్ ఆర్డర్‌ని నాలుగు ముక్కల్లో రాయడం

వినియోగదారుల కమిషన్ ఆర్డర్ పది పేజీలుంది. ఫిర్యాదు, లోపం, పరిహారం, గడువు క్లుప్తంగా ఎలా రాయాలి?

చివరి పేరా ముందు చదవండి, ఎంత కట్టాలో, ఎన్ని రోజుల్లో కట్టాలో అక్కడే ఉంటుంది. మొదటి పేజీల్లో ఉండేవి ఇరుపక్షాల వాదనలు, కమిషన్ నిర్ణయం కాదు. ఏది లోపమో, ఎందుకో సాధారణంగా మధ్యలో 'పాయింట్' అనే శీర్షిక కింద దొరుకుతుంది.

హనుమకొండలో ఒకరు 28,000కు ఫ్రిజ్ కొన్నారనుకుందాం. మూడు నెలలకే కంప్రెసర్ పోయింది, వారంటీ ఉన్నా షాపువాళ్లు బాగుచేయలేదు. డబ్బు వాపసుతో పాటు లక్ష పరిహారం అడిగారు. సారాంశం ఇలా వస్తుంది:

"వారంటీలో ఉన్న ఫ్రిజ్ బాగుచేయలేదని ఫిర్యాదు. మూడుసార్లు చెప్పినా మెకానిక్‌ను పంపకపోవడం సేవాలోపమని తేలింది. 28,000 వాపసు, ఫిర్యాదు తేదీ నుంచి 9 శాతం వడ్డీ. పరిహారం 5,000, ఖర్చులు 3,000. ఆర్డర్ కాపీ అందిన 45 రోజుల్లో చెల్లించాలి."

అడిగిన లక్షనే పరిహారంగా రాసేయడం చాలామంది చేసే పొరపాటు. వాపసు కూడా పరిహారం కాదు, విడిగా చూపాలి. గడువు ఆర్డర్ తేదీ నుంచా, కాపీ అందిన రోజు నుంచా అన్నది తప్పక రాయండి. గడువు దాటాక అమలు పిటిషన్ వేసేటప్పుడు పేచీ వచ్చేది అక్కడే.